చిత్తూరు గుజ్జు గోడౌన్‌లో: మామూలు ఫోర్క్‌లిఫ్టా, రీచ్ ట్రక్కా?

మామిడి గుజ్జు డబ్బాల గోడౌన్ ఒకటి చిత్తూరులో ఉందనుకుందాం. రాక్‌లకు దొరికే జాగా 22 మీటర్ల వెడల్పు, 25 మీటర్ల పొడవు. ప్యాలెట్ లోతు 1.2 మీటర్లు, ముఖం 1 మీటరు.

మామూలు ఫోర్క్‌లిఫ్ట్ తిరగడానికి నడవ సుమారు 3.6 మీటర్లుండాలి. ఫోర్కులను ముందుకు చాచి ప్యాలెట్ అందుకునే రీచ్ ట్రక్కుకు 2.8 చాలు. నడవకు రెండు పక్కలా ప్యాలెట్లు, వెనక సందు కలిపి మరో 2.6 మీటర్లు. అంటే మొదటిదానికి 6.2 చొప్పున మూడు నడవలు, రెండోదానికి 5.4 చొప్పున నాలుగు పడతాయి.

రాక్‌లో రెండు స్తంభాల మధ్య గడిని బే అంటారు. బేకు రెండు ప్యాలెట్లు, వరుసకు పది బేలు, కింది నేలతో కలిపి నాలుగు అంతస్తులు. లెక్క వేస్తే మామూలు ఫోర్క్‌లిఫ్ట్‌తో 480 ప్యాలెట్లు, రీచ్ ట్రక్కుతో 640. అదే గోడౌన్ వెడల్పు 20 మీటర్లయితే? రెండింటికీ మూడే నడవలు! రీచ్ ట్రక్కుకు పెట్టిన డబ్బంతా దండగే. నడవ సన్నబడితే సరిపోదు, అదనంగా మరో నడవ పూర్తిగా పట్టాలి.

మూడు ప్యాలెట్ల బే వేస్తే వరుసకు 20 బదులు 21 వస్తాయి, కానీ దూలాలు బరువెక్కుతాయి. నేనైతే వేయను.

ఎత్తు సంగతి వేరు. టన్ను బరువును ఐదు మీటర్లు దాటించాలంటే, ఏ బండైనా దాని ప్లేటుపై ఆ ఎత్తుకు రాసిన సామర్థ్యమే చూడాలి. ఎత్తు పెరిగితే అది తగ్గుతుంది. రీచ్ ట్రక్కు చిన్న చక్రాలకు గచ్చు నున్నగా, సమంగా ఉండాలి. బయట ఎగుడుదిగుడు ఆవరణలో లారీ దించడానికి మాత్రం మామూలు ఫోర్క్‌లిఫ్ట్ ఎలాగూ కావాలి.