నష్టాల బ్రాంచ్: నడపాలా, మూసేయాలా?

ఒక బ్రాంచ్ ఏడాది లెక్కలో, లక్షల్లో చూస్తే, 10 నష్టం కనపడగానే చాలామంది మూసేద్దాం అంటారు. ముందు ఆ 10ని విప్పి చూడండి. అమ్మకాలు 100, వాటితో పాటే పెరిగి తగ్గే ఖర్చులు 60, మిగిలే కాంట్రిబ్యూషన్ 40. స్థిర ఖర్చులు 50: అద్దె, జీతాలు కలిపి 22, తరుగుదల 8, హెడ్డాఫీసు వేసిన వాటా 20.

నడిపితే: 40 వస్తుంది, 50 పోతుంది. నష్టం 10.

మూస్తే: 40 ఆగిపోతుంది, ఆదా అయ్యేది 22 మాత్రమే. తరుగుదల ఎప్పుడో పెట్టేసిన డబ్బు. హెడ్డాఫీసు వాటా మిగతా బ్రాంచుల నెత్తిన పడుతుంది. కంపెనీ మీద భారం 28.

అంటే మూస్తే 18 అదనపు నష్టం. పైగా ఉద్యోగుల పరిహారం ఒకసారి కట్టాలి. సామాను అమ్మితే వచ్చేది అందులోంచి తీసేయాలి.

ఎక్కువగా పొరపాటు జరిగేది అద్దె దగ్గరే. లీజు ఇంకా రెండేళ్లుంటే, ఖాళీ చేసినా అద్దె తప్పదు. అప్పుడది తప్పించుకోగల ఖర్చు కాదు. లీజు పత్రం చూడకుండా లెక్క వేయకండి.

కాంట్రిబ్యూషన్ ఆ 22 కంటే ఎక్కువున్నంత కాలం నడపడమే మేలు. అది 15కి పడిపోయి, కోలుకునే సూచన లేకపోతే, లీజు ముగిసే రోజే మూయడానికి సరైన సమయం. పోయే కస్టమర్లలో కొందరు పక్క బ్రాంచికి వస్తారనుకుంటే, ఆ కాంట్రిబ్యూషన్ కూడా మూసే వైపు కలపాలి.