బెజవాడలో పిల్లల్ని పూల్‌కి తీసుకెళ్తుంటే బోర్డులో ముందు లోతు చూడండి

అన్నయ్య వాళ్ళు అమ్మవారి దర్శనానికి వచ్చి గవర్నర్‌పేటలో హోటల్లో దిగారు, మన ఎండలు తెలిసిందే, పిల్లలు ఒకటే గోల ఈతకెళ్దాం అని. వదిన దగ్గర్లో ఉన్న పూల్ గేటు బోర్డు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు, ఈ బొమ్మలేంటి, పంపొచ్చా అని. ఆవిడకి చెప్పిందే ఇక్కడా రాస్తున్నా, బయట ఊరి నుంచి వచ్చేవాళ్ళకి పనికొస్తుంది.

అందరూ టైములు, టికెట్ రేటు చూస్తారు గానీ అసలైంది కింద మూలన అల బొమ్మ పక్కన ఉంది: 1.2 మీ – 1.8 మీ. అంటే లోతు తక్కువ వైపే దాదాపు 4 అడుగులు, అవతల చివర 6 అడుగులు. అన్నయ్య వాళ్ళ చిన్నోడికి ఏడేళ్ళు, ఎత్తు 118 సెంటీమీటర్లు, అంటే ఈ పూల్లో వాడు ఎక్కడ నించున్నా తల మునుగుతుంది. పెద్దపాప 148, తక్కువ వైపు నీళ్ళు భుజాల దాకా వస్తాయి, కానీ అడుగు ఏటవాలుగా దిగుతుంటుంది కాబట్టి నాలుగడుగులు ముందుకేస్తే గడ్డం దాటేస్తాయి. అందుకే లోతు వైపు వెళ్ళకుండా అడ్డంగా కట్టిన తాడు దాటొద్దని గట్టిగా చెప్పాలి.

ఎర్ర గుండ్రం, అడ్డగీత ఉంటే ఆ పని చెయ్యకూడదు, నీలం గుండ్రం ఉంటే తప్పనిసరిగా చెయ్యాలి. తలకిందులుగా దూకే మనిషి మీద అడ్డగీత ఉంది చూడండి, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, 4 అడుగుల నీళ్ళలో డైవ్ కొడితే తల నేలకి తగిలి మెడ విరగొచ్చు. షవర్ బొమ్మ నీలంలో ఉంది, చెమట, నూనె నీళ్ళలో కలిస్తే క్లోరిన్‌తో కలిసి ఆ ఘాటు వాసనొస్తుంది, కళ్ళు మండేది కూడా దానివల్లే. కాస్ట్యూమ్ బొమ్మ అంటే నైలాన్‌ది, కాటన్ టీషర్టుతో లోపలికి పంపరు.

టైమ్ విషయం, సాయంత్రం 5 నుంచి 6 లేడీస్ బ్యాచ్ అని ఉంది, అప్పుడు అన్నయ్యకి ఎంట్రీ లేదు, చిన్న మగపిల్లల సంగతి కౌంటర్లో అడగాల్సిందే. ఆ గంటలోనే బట్టలు మార్చుకోవడం, షవర్ అన్నీ అయిపోవాలి, 5:40కి వెళ్తే డబ్బులు దండగ.

వాళ్ళ హోటల్లోనూ చిన్న పూల్ ఉంది, లోతు 3 అడుగులే కానీ లైఫ్‌గార్డ్ లేడని బోర్డులోనే రాశారు. చివరికి పెద్దపాపని వదిన లేడీస్ బ్యాచ్‌కి తీసుకెళ్ళారు, అక్కడ గట్టు మీద కోచ్ నిలబడి చూస్తుంటాడు. చిన్నోడు హోటల్ పూల్లోనే, అన్నయ్య కూడా నీళ్ళలో దిగి చెయ్యి అందేంత దూరంలో ఉండాలని షరతు, గట్టు మీద ఫోన్ చూస్తూ కూర్చుంటే కుదరదు. ఎక్కడికెళ్ళినా దిగేముందు లోతు వైపు అడుగున టైల్స్ గీతలు కనిపిస్తున్నాయో లేదో చూడండి, కనిపించనంత మసగ్గా ఉంటే మునిగినవాళ్ళు కూడా పైకి కనపడరు, టికెట్ కొన్నా సరే దిగొద్దు.