రామిప్రిల్ నుంచి టెల్మిసార్టన్‌కు: పొడి దగ్గు వల్ల మారిన నా మందు

మధుమేహం, రక్తపోటు రెండూ ఉండి, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతున్నట్టు తేలడంతో, మూత్రపిండాలను కాపాడటానికి కూడా వైద్యుడు నాకు రామిప్రిల్ రాశారు. 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 5కు పెంచారు. రక్తపోటు అదుపులోకి వచ్చింది, అల్బుమిన్ కూడా తగ్గింది. ఆ విషయంలో మందు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

రెండో నెల దాటాక దగ్గు మొదలైంది. జలుబు లేదు, కఫం లేదు. గొంతు అడుగున ఏదో గీరుతున్నట్టు ఉండేది. ఫోన్‌లో నాలుగు మాటలు మాట్లాడినా, పక్క మీద వాలినా తెర తెరలుగా వచ్చేది. దగ్గు సిరప్ నిద్ర తెప్పించేదే కాని దగ్గును ఆపలేదు.

వైద్యుడు వెంటనే మాత్రను తప్పుపట్టకపోవడం నాకు నచ్చింది. జ్వరం, బరువు తగ్గడం, రక్తం పడటం, గుండెల్లో మంట, పడుకుంటే ఆయాసం, కాళ్ల వాపు ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగి, ఛాతీ ఎక్స్‌రే తీయించారు. రెండు వారాలు దాటిన దగ్గును క్షయ కాదని తేల్చుకోకుండా మందు మీదికి నెట్టేయకూడదు.

అన్నీ సవ్యంగా ఉన్నాయని తేలాక ఆయన కారణం వివరించారు. ఈ మాత్ర అడ్డుకునే ఎంజైమే శరీరంలో బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని కూడా విచ్ఛిన్నం చేస్తుంది. ఆ పని ఆగిపోవడంతో అది శ్వాసనాళాల్లో పేరుకుని, అక్కడి నరాలను రేపుతుంది. అందువల్ల ఇదే ఎంజైమ్‌ను అడ్డుకునే ఎనలాప్రిల్‌కో పెరిండోప్రిల్‌కో మారినా సాధారణంగా లాభం ఉండదు, మోతాదు తగ్గించినా నమ్మకం లేదు. టెల్మిసార్టన్, లోసార్టన్ వంటివి ఆ ఎంజైమ్ జోలికి పోకుండా, రక్తనాళాలను బిగించే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ పనిచేసే గ్రాహకాన్నే మూసేస్తాయి.

మూత్రపిండాల కోసం ఇచ్చిన మందును ఊరికే ఆపేస్తే ఆ రక్షణ పోతుంది కనుక, మరుసటి రోజు నుంచే దాని స్థానంలో టెల్మిసార్టన్ 40 మిల్లీగ్రాములు ఇచ్చారు. దగ్గు ఒక్కసారిగా పోలేదు: మొదట రాత్రుళ్లు నిద్ర పట్టింది, నెల తిరిగేసరికి పూర్తిగా ఆగింది. అప్పటి నుంచి ఏళ్లుగా ఇదే వాడుతున్నాను. మార్చిన రెండు వారాల లోపు క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించారు, ఎందుకంటే పొటాషియం పెరిగే ప్రమాదం దీనితోనూ ఉంది.

2008లో వెలువడిన ఆన్‌టార్గెట్ అధ్యయనంలో దగ్గు వల్ల మందు మానేసినవారు రామిప్రిల్ వాడినవారిలో 4.2 శాతం, టెల్మిసార్టన్ వాడినవారిలో 1.1 శాతం; గుండెకు రక్షణ మాత్రం రెండింటితోనూ సమానంగానే కనిపించింది. దగ్గు స్వల్పంగా ఉండి ఓర్చుకోగలిగితే మార్చక తప్పదని ఏమీ లేదు, ముఖ్యంగా గుండె బలహీనమైనవారు ఆ నిర్ణయాన్ని తమ కార్డియాలజిస్టుకే వదలాలి. రెండు మందులూ కలిపి వేసుకోకూడదు, గర్భిణులకు రెండూ పనికిరావు. పెదవులో నాలుకో వాస్తే అది దగ్గులాంటి ఇబ్బంది కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన అత్యవసర స్థితి. అలాంటివారికి టెల్మిసార్టన్ కూడా జాగ్రత్తగా ఆలోచించే ఇస్తారు. ఇక మాత్ర మార్చి మూడు నెలలు గడిచినా దగ్గు తగ్గకపోతే, కారణం వేరే ఉందని వెతకడం మొదలుపెట్టాలి.