బర్న్‌డౌన్ స్క్రీన్‌షాట్ చూసి స్ప్రింట్ ఎప్పుడు ముగుస్తుందో చెప్పడం: రెండేళ్లు వాడాక నా మాట

స్ప్రింట్ వెనకబడగానే ఎవరో ఒకరు చాట్‌లో, మిగిలిన పనిని రోజువారీగా చూపే బర్న్‌డౌన్ చార్ట్ స్క్రీన్‌షాట్ పెట్టి "ఎప్పటికి అవుతుంది?" అని అడుగుతారు. రెండేళ్లుగా ఆ బొమ్మ చూసే తేదీ చెబుతున్నాను. పద్ధతి పనికొస్తుంది, కానీ గీత కిందికి దిగిన వేగాన్ని అలాగే ముందుకు పొడిగిస్తే మాత్రం తేదీ తప్పుతుంది.

మొన్నటి స్ప్రింట్‌నే చూడండి. పది పనిదినాలు, 40 పాయింట్ల పని, సోమవారం మొదలు. ఆరో రోజు సాయంత్రానికి ఆదర్శ రేఖ ప్రకారం 16 మిగలాలి, మాకు 26 మిగిలాయి. ఆరు రోజుల్లో 14 తగ్గాయి కాబట్టి ఇంకో 12 రోజులు, అంటే నాలుగో వారం బుధవారం అని మేనేజర్ లెక్కేశారు, అందరికీ టెన్షన్ పట్టుకుంది.

నాలుగో రోజు గీత పైకి లేచిన మెట్టును ఆ లెక్క పట్టించుకోలేదు. ఆ రోజు మధ్యలో 4 పాయింట్ల కొత్త పని వచ్చి చేరింది, అంటే టీమ్ నిజంగా చేసింది 14 కాదు, 18. రోజుకు 3 చొప్పున మిగిలిన 26కి తొమ్మిది రోజులు పడుతుంది, మూడో వారం శుక్రవారానికి అయిపోతుంది. చివరి మూడు రోజులే చూస్తే 13 పాయింట్లు అయ్యాయి, ఆ వేగమే ఉంటే ఆరు రోజులు చాలు, అదే వారం మంగళవారానికే అవుతుంది. అందుకే నేను ఒక్క తేదీ చెప్పకుండా "మంగళవారం నుంచి శుక్రవారం లోపు, కొత్త పని ఏదీ చేర్చకపోతే" అని చెప్పాను. గురువారం పూర్తయింది.

ఇక స్క్రీన్‌షాట్‌తో అసలు ఇబ్బంది ఏంటంటే, మౌస్ పెట్టి ఏ రోజు ఎన్ని పాయింట్లో చూసే వీలుండదు, కాబట్టి నేను ముందు నిలువు అక్షం సున్నా నుంచే మొదలైందా అని చూస్తాను, తర్వాత అడ్డంగా శని, ఆదివారాలు కలిశాయా అని చూస్తాను, ఎందుకంటే అవి కలిస్తే ఆ రెండు రోజులు గీత చదునుగా ఉండి వేగం తక్కువని అనిపిస్తుంది. మధ్యాహ్నం తీసిన బొమ్మైతే చివరి రోజును లెక్కలోకి తీసుకోను, అది సగం రోజే కదా.

ఈ బొమ్మలో ఎంత వెతికినా దొరకనిది ఒకటుంది. కథ, అంటే పాయింట్లు వేసిన ఒక్కో పని, పూర్తిగా ముగిస్తేనే పాయింట్లు తగ్గుతాయి, కాబట్టి టెస్టింగ్‌లో ఆగిన 8 పాయింట్ల కథా, ఇంకా మొదలుపెట్టని 8 పాయింట్ల కథా చార్ట్‌లో ఒకేలా ఉంటాయి. అందుకే తేదీ చెప్పే ముందు, ఏ పని ఏ దశలో ఉందో చూపే బోర్డు స్క్రీన్‌షాట్ కూడా పంపమంటాను. అది లేకుండా మాత్రం తేదీ చెప్పడం మానేశాను.