గోనె సంచా, గాలి చొరని సంచా?

వేరుశనక్కాయల్లో ఆస్పర్జిల్లస్ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు. ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్తే కాలేయ క్యాన్సర్ ముప్పు. హెపటైటిస్-బి ఉన్నవారికి మరీ ఎక్కువ. ఆ బూజు పట్టకుండా కాయను ఏ సంచిలో నిల్వ చేయాలి?

ఖర్చు: గోనె చవక. గాలి చొరనిది ఖరీదే, చిల్లు పడనంత కాలం మళ్లీ వాడొచ్చు.

శ్రమ: గోనెను చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చాలి. రెండోదాన్ని గాలి పిండేసి, మెలితిప్పి, మడిచి కట్టాలి.

ముప్పు: గోనె వానాకాలపు తేమను పీలుస్తుంది. రెండోది ఆ తేమను ఆపుతుంది, లోపల ఆక్సిజన్ తగ్గి పురుగూ చస్తుంది. కానీ సరిగా ఆరని కాయ పోస్తే దాని తేమ లోపలే చిక్కుకుంటుంది. అందుకే ముందు తేమ 8 శాతానికి తగ్గేలా ఆరబెట్టాలి. ఊపితే గింజ గలగలమనాలి (ఇది అంచనాయే, తేమ మీటరుకు సాటి రాదు). ముడతపడ్డవీ రంగు మారినవీ ఏ సంచికైనా ముందే ఏరేయాలి.

పొడి రోజుల్లో, కొన్ని వారాల్లో అమ్మేసే సరుకైతే గోనె చాలు. వానాకాలం దాటించాలంటే గాలి చొరనిదే మేలు.