మడత పుస్తకం ఇంట్లోనే: రీడర్‌లోని Booklet ఆప్షన్ చాలాకాలం వాడాక

మాది ఒడిశాలోని రాయగడ. మా భజన మండలికి ఏటా ఒకటో రెండో చిన్న పుస్తకాలు కావాలి. తెలుగు అక్షరాలు కూర్చే ప్రెస్సు కోసం పార్వతీపురమో విజయనగరమో వెళ్లాలి, పైగా ముప్ఫై కాపీలంటే వాళ్లు పెద్దగా పట్టించుకోరు. అందుకని కొన్నేళ్లుగా ఈ పని ఇంట్లోనే కానిస్తున్నాను. మామూలు ఏ4 కాగితం, ఒకవైపే ప్రింటయ్యే సాదా లేజర్ ప్రింటర్, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే అక్రోబాట్ రీడర్, ఇవే సరంజామా. పని సాగుతుందా అంటే బ్రహ్మాండంగా సాగుతుంది. కాకపోతే కొన్ని సంగతులు రీడర్ మనకు చెప్పదు.

ప్రింట్ కిటికీలో Booklet నొక్కితే, ఏ పేజీ పక్కన ఏ పేజీ రావాలో అదే లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్క మనకూ తెలిసి ఉంటే తప్పు ఇట్టే పట్టుకోవచ్చు. కాగితాన్ని మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. కాబట్టి మొత్తం పేజీలు నాలుగుతో భాగించబడాలి. పుస్తకం 40 పేజీలైతే మొదటి కాగితం ముందువైపు 40, 1 పక్కపక్కన వస్తాయి, వెనక 2, 39. చివరిదైన పదో కాగితం మీద ముందు 22, 19, వెనక 20, 21. ఏ వైపు చూసినా రెండు అంకెలు కలిపితే 41 రావాలి.

కిందటిసారి శ్రీరామనవమి పుస్తకం 38 పేజీలకు తేలింది. తక్కువైన రెండింటికి రీడర్ తనే ఖాళీ పేజీలు చేరుస్తుంది, కానీ చివర్లో చేరుస్తుంది. అలా వదిలేస్తే 39, 40 ఖాళీగా ఉండి, వెనక అట్ట మీద ఉండాల్సిన హారతి పాట 38వ పేజీగా లోపలికి పోతుంది, అట్ట తెల్లగా మిగులుతుంది. అందుకే ఫైల్లోనే ముందు అట్ట వెనక ఒక ఖాళీ పేజీ, హారతికి ముందు ఇంకొకటి పెట్టి, 40 చేశాకే పీడీఎఫ్ తీశాను. ఎవరు చేసినా ఈ ఖాళీలు తామే పెట్టుకోవడం మంచిది.

అసలు టెన్షన్ రెండోవైపు ప్రింటు దగ్గరే. Booklet subset అనే చోట మొదట Front side only ఎంచి అన్ని కాగితాలూ తీయాలి. ఆ కట్టను మళ్లీ ట్రేలో పెట్టి Back side only ఇవ్వాలి. ఆ కట్ట ఎలా పెట్టాలన్నది ఒక్కో ప్రింటర్‌కు ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఎవరి మాటా నమ్మకుండా 8 పేజీల ఫైలొకటి, పేజీకి ఒక పెద్ద అంకె వేసి ఉంచుకోండి. రెండు కాగితాలతో పరీక్ష అయిపోతుంది. 1 ఉన్న చోటుకు సరిగ్గా వెనక 2, 3 వెనక 4 నిటారుగా ఉంటే అంతా సవ్యమే. 1 వెనక 7 తలకిందులుగా కనబడితే కట్టను అలాగే పరిచి ఉంచి సగం చుట్టు తిప్పి పెట్టాలి. 1 వెనక 4 వచ్చిందంటే కాగితాల వరుస తిరగబడింది, కింది కాగితం పైకి వచ్చేలా పేర్చుకోవాలి. ఈ రెండో తప్పులో కూడా ఏ వైపు కూడినా 9 వస్తూనే ఉంటుంది, అందుకే కూడిక ఒక్కటే చూసి ఊరుకోకూడదు. సరైన తీరు తేలాక ట్రే మీద పెన్సిల్‌తో బాణం గుర్తు గీసుకున్నాను, ఇప్పటికీ అదే దిక్కు.

వానాకాలంలో ఇంకో చికాకు. మా దగ్గర ఆ నాలుగు నెలలూ కాగితం చెమ్మ పట్టేస్తుంది. జేకేపూర్ కాగితం మిల్లు పక్కనే ఉన్నా మా బీరువాలోని కాగితానికి ఆ గొప్ప ఏమీ లేదు. మొదటి వైపు వేడికి కాగితం వంకర తిరుగుతుంది, వెంటనే రెండో వైపు ఇస్తే రెండేసి లాక్కుంటుంది. మధ్యలో ఒక్క కాగితం అదనంగా పోయిందంటే అక్కణ్నుంచి వెనకవైపులన్నీ జరిగిపోతాయి. కట్టను చదునుగా బరువు కింద కాసేపు ఉంచి, అంచులు విదిల్చి, Sheets from దగ్గర అయిదేసి కాగితాల చొప్పున ఇస్తాను. పాడైనా అయిదే పాడవుతాయి.

అక్షరం సైజు విషయంలో తెలుగు వాళ్లు మరీ జాగ్రత్త పడాలి. ఏ4 పేజీని సగానికి కుదిస్తే 12 పాయింట్ల అక్షరం ఎనిమిదిన్నరకు దిగుతుంది. ఇంగ్లీషైతే చదవొచ్చు గానీ, మన వత్తులు ఆ సైజులో నలకల్లా ఉంటాయి, మండలిలో పెద్దవాళ్లు కళ్లద్దాలు పెట్టుకున్నా కష్టమే. ఫైలును మొదట్నుంచే ఏ5 సైజులో, 13 పాయింట్లలో కూర్చుకుంటే కుదింపు నామమాత్రమే. వత్తులు విడిపోయి ప్రింటైతే Advanced లోకి వెళ్లి Print as image పెట్టండి, వేగం తగ్గినా అక్షరం నిలబడుతుంది.

పిన్ను కొట్టడం కూడా చెప్పాలి. మడత అంచు నుంచి సుమారు 15 సెంటీమీటర్ల లోపల ఉంటుంది, మామూలు స్టాప్లర్ అంత దూరం చేరదు. స్టాప్లర్‌ను పూర్తిగా విప్పి, తెరిచిన కాగితాలను అట్టముక్క మీద బోర్లా పరిచి, మడత గీత మీద రెండు చోట్ల నొక్కితే పిన్ను అట్టలోకి దిగుతుంది. మెల్లగా పైకి లేపి, లోపలివైపు కాళ్లను చెంచా కాడతో వంచేస్తే సరి. పది కాగితాలకు ఇది చక్కగా సరిపోతుంది. మడిచాక పుస్తకం నోరు తెరుచుకుంటుంటే కారణం మన చేతిలో లేదు. దుకాణంలో దొరికే ఏ4లో పీచు సాధారణంగా పొడవు వెంబడి ఉంటుంది, మనం మడిచేది దానికి అడ్డంగా. ఒక రాత్రి బరువు కింద పెడితే చాలావరకు దారికొస్తుంది. పట్టింపున్నవాళ్లు పొడవు పీచున్న ఏ3 తీసుకుని సగానికి కోయించుకుంటే పీచు మడత వెంబడి వస్తుంది.

కాగితాలు పెరిగేకొద్దీ లోపలివి బయటికి తోసుకొస్తాయి. మామూలు 75 జీఎస్‌ఎం కాగితం మందం దాదాపు మిల్లీమీటరులో పదో వంతు, పదహారు కాగితాలైతే నడి కాగితం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. అంచు కోస్తే నడి పేజీల మార్జిన్ ఆ మేరకు తగ్గుతుంది. రీడర్ దీన్ని సర్దదు. అందుకే బయటి మార్జిన్ ఉదారంగా వదులుతాను. అరవై పేజీలు దాటితే Pages దగ్గర 1-16, తర్వాత 17-32 అని ఇస్తూ ఫారాలనే చిన్న చిన్న కట్టలుగా విడగొట్టి, దారంతో కుట్టుకోవడమే మేలు.

రీడర్‌లో నాకు లోటుగా అనిపించేది, ఇలా జతలుగా పేర్చిన పేజీలను నేరుగా ఫైలుగా సేవ్ చేసి ఇవ్వకపోవడం. కాపీలు ఎక్కువైతే జెరాక్స్ షాపుకు వెళ్లాలి, అక్కడి కుర్రాడు ఒడియా తప్ప చదవలేడు, పేజీలు తారుమారైనా గుర్తుపట్టలేడు. అలాంటప్పుడు లినక్స్‌లో pdfjam అనే ప్రోగ్రాంతో ఇలా పేజీలు పేర్చిన ఫైలు చేసుకుని పెన్ డ్రైవ్‌లో పట్టుకెళ్తాను:

```
pdfjam --landscape --paper a4paper --booklet true --outfile book.pdf bhajana.pdf
```

షాపులో చెప్పాల్సినవి రెండే: Actual size, రెండు వైపులా Flip on short edge. లాంగ్ ఎడ్జ్ పెడితే వెనక పేజీలన్నీ తలకిందులవుతాయి, కనుక ఒక్క కాపీ తీయించి, మడిచి చూశాకే మిగతావాటికి సరేనంటాను.