మోకాళ్ల నొప్పితో కోనసీమ యాత్ర: గది కన్నా ముందు బాత్రూమ్ చూడాలి

అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నడుస్తుంది, చెయ్యి పట్టుకుంటే గుడి మెట్లూ ఎక్కుతుంది, గొంతుక్కూర్చుంటే మాత్రం తనంతట తాను లేవలేదు. అందుకే ద్రాక్షారామం, అమలాపురం, అంతర్వేది, పాలకొల్లు తిరిగిన ఈ యాత్రలో ఎక్కడ దిగినా ముందు బాత్రూమే చూశాను. ఫోన్లో "వెస్టర్న్ ఉందా?" అంటే ఉందనే చెబుతారు, కానీ దాని ఎత్తు ఎంతో, పక్కన పట్టుకోడానికి ఏముందో ఎవరూ చెప్పరు.

మేం ఎక్కడికెళ్లినా కారు డిక్కీలో మడత కమోడ్ కుర్చీ ఉంటుంది. సీటు మధ్యలో కన్నం, దాని కింద తీసిపెట్టుకునే బకెట్, రెండు వైపులా చేతులు, ఎత్తు మార్చుకునే కాళ్లు. ఎత్తు కొలిచి పెట్టుకోవాలి. మనిషిని మామూలు కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి మోకాలి వెనక మడత వరకు టేపు పెడితే అమ్మకు 16 అంగుళాలు వచ్చింది, మేం సీటు 18 దగ్గర పెట్టాం. సీటు మోకాలి కన్నా కాస్త పైన ఉంటే లేచేటప్పుడు మోకాలు తక్కువ వంగుతుంది, తొడల మీద బరువు తగ్గుతుంది. అలాగని ఇంకా పెంచేస్తే పాదాలు నేలకు పూర్తిగా ఆనవు, అప్పుడు ముందుకు జారే భయం.

ద్రాక్షారామంలో గుడికి దగ్గర్లోనే ఒక సత్రంలో దిగాం. గది శుభ్రంగా ఉంది, అద్దె తక్కువ, లెట్రిన్ మాత్రం ఇండియన్, అదీ ఒక మెట్టు ఎత్తు దిమ్మ మీద. కుర్చీని బేసిన్ మీద పెట్టి చూస్తే రెండు కాళ్లు దిమ్మ మీదా రెండు కిందా వచ్చాయి. కాళ్ల ఎత్తులు వేరువేరుగా సర్దవచ్చు కదా అనిపిస్తుంది గానీ తడినేల మీద ఆ పని అస్సలు చెయ్యకండి, బరువు ఒక పక్కకు పడగానే కుర్చీ తిరగబడుతుంది. నాలుగు కాళ్లూ బేసిన్‌కి బయట ఒకే మట్టం మీద నిలవకపోతే దాన్ని అక్కడ వాడకూడదు. మేం కుర్చీని స్నానం చేసేచోట వేసి, బకెట్‌లో అడుగున కాసిన్ని నీళ్లు పోసి కింద పెట్టాం. తర్వాత నేనే తీసి లెట్రిన్‌లో పోసి కడిగాను. అమ్మ మొహమాటపడింది గానీ మోకాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు.

అమలాపురం లాడ్జిలో వెస్టర్న్ ఉంది, కానీ చాలా కిందికి ఉంది. అమ్మ కూర్చోగలిగింది, లేవడానికి పక్కనున్న కుళాయి పట్టుకోబోయింది. ఆ కుళాయి ఊడితే మనిషి కింద పడుతుంది. బకెట్ తీసేసి మా కుర్చీని ఆ కమోడ్ మీదుగా నిలబెడితే ఎత్తూ వచ్చింది, పట్టుకోడానికి చేతులూ వచ్చాయి. మీ కుర్చీ కాళ్ల మధ్య వెడల్పులో కమోడ్ పట్టాలి, వెనక ఫ్లష్ ట్యాంకు అడ్డం రాకూడదు, అది చూసుకోండి. చిందకుండా సీటు కింద అడుగు లేని బకెట్ లాంటి గొట్టం వేసుకుంటే ఇంకా మంచిది. గదికి లిఫ్ట్ ఉందా లేదా అన్నదానికన్నా నాకు ఇదే ముఖ్యమైంది.

అంతర్వేది చూసుకుని సఖినేటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి నరసాపురం వెళ్లేరోజు అమ్మ పొద్దున్నించీ నీళ్లు ముట్టలేదు, దారిలో లెట్రిన్ దొరకదని. మోకాళ్ల నొప్పులున్న ఆడవాళ్లు చాలామంది చేసే పనే ఇది. మర్నాడు మలబద్ధకం, దాంతో ఎక్కువసేపు కూర్చుని ముక్కడం, లేచేసరికి కాళ్లు బిగుసుకుపోవడం. ఆ తర్వాత ప్రయాణాల్లో, ముందే చూసిపెట్టుకున్న చోటు ఎంతదూరంలో ఉందో చెప్పి మరీ నీళ్లు తాగించాను.

పాలకొల్లులో పిన్ని వాళ్లింట్లో దిగాం. పిన్నికీ నొప్పులే గానీ ఇంకా గొంతుక్కూర్చోగలుగుతుంది. వాళ్లది ఇండియన్. అంతకుముందు ఎవరో గోడకు అంటుకునే రబ్బరు కప్పుల హ్యాండిల్ పెట్టారు. అలాంటివి తడి టైల్స్ మీద చెప్పాపెట్టకుండా జారిపోతాయి, టవల్ రాడ్‌కీ మనిషి బరువు ఆగదు. ప్లంబర్‌ని పిలిచి స్టెయిన్‌లెస్ స్టీలు రాడ్‌ని నిలువుగా, కూర్చున్నప్పుడూ లేచి నిలబడ్డాకా చెయ్యి అందేలా ఎదుటి గోడకు బిగించాం. మరలు టైల్‌లో కాదు, వెనకున్న ఇటుక గోడలోకి దిగాలి. బిగించిన సిమెంటు ఆరాక నేను ఒంటి బరువంతా వేసి వేలాడి చూశాకే పిన్నిని పట్టుకోనిచ్చాను.

రాడ్ లేవడానికి సాయపడుతుంది, అంతే. కూర్చున్నప్పుడు మోకాలు మడిచే మడత దానివల్ల తగ్గదు. మోకీలు మార్పిడి చేయించుకుని డాక్టరు గొంతుక్కూర్చోవద్దన్నవాళ్లకు రాడ్ చాలదు, కుర్చీయో వెస్టర్నో ఉండాల్సిందే. పిన్నికి నొప్పి పెరిగితే ఆ బేసిన్ మీదే వెయ్యడానికి కుర్చీ పడుతుందో లేదో చుట్టూ నేల కొలిచి రాసిపెట్టి వచ్చాను. దిమ్మ లేదు కాబట్టి పడుతుంది.